ఫొటో తెరుచుకోలేదు, టైపు చేసి పంపమ్మా

"సార్, నా రెజ్యూమె చూశారా? ఏమైనా మార్చాలంటారా?" అని ఒక ఉదయం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పంపింది మా డిగ్రీ కాలేజీలో బీకాం చదివిన అమ్మాయి. ఊరు తణుకు. కొంచెం పైకి జరిపి చూస్తే నెలన్నర కిందటే ఆమె పంపిన ఫొటో కనిపించింది. నేనే నొక్కలేదు. అప్పుడు మా ఇంట్లో పెళ్లి హడావుడి. పైగా ఫోన్లో జాగా చాలక, ఫొటోలు వాటంతటవి దిగకుండా ఆపేసి పెట్టుకున్నాను. ఇప్పుడు నొక్కితే బాణం గుర్తు కాసేపు తిరిగింది. ఈ ఫొటో ఇక దొరకదు, పంపినవాళ్లనే మళ్లీ అడగమని ఫోను చెప్పింది.

మళ్లీ పంపమన్నాను. ఈలోగా ఆమె ఫోన్ కింద పడి తెర పగిలితే పాతది ఇచ్చేసి కొత్తది తీసుకుందట. ఫొటో పాతదానితోనే పోయింది. కాగితాన్ని ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చింది. జిరాక్స్ తీయించలేదు. టైపు చేసిన నెట్ సెంటర్‌కి వెళ్లి అడిగితే, వారానికోసారి కంప్యూటర్ శుభ్రం చేస్తామమ్మా, ఫైలు లేదన్నాడట అక్కడి కుర్రాడు.

ఫొటో ఎలా పోయిందో ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది వాట్సాప్‌లో పంపిన వస్తువు అక్కడే భద్రంగా ఉంటుందనుకుంటారు. అది బీరువా కాదు, పోస్టుమాన్ సంచి. ఫొటో మన ఫోన్లోకి దిగాక అది ఫోన్లోనే ఉంటుంది. దిగకపోతే కొంతకాలం దారిలో ఉండి ఆ తర్వాత చెరిగిపోతుంది. మెసేజ్ అసలు అందకపోతే, అవతలి ఫోన్ కట్టేసి ఉందనుకుందాం, కంపెనీ దాన్ని 30 రోజుల దాకా ఉంచి తీసేస్తుంది. 'ఒక్కసారి మాత్రమే చూడు' అనే పద్ధతిలో పంపిన ఫొటో అయితే, తెరవకుండా 14 రోజులు గడిస్తే పోతుంది. తెరిచి మూసినా పోతుంది. ఆధార్ కార్డు పంపేటప్పుడు ఆ పద్ధతి నొక్కడం అలవాటైనవాళ్లు రెజ్యూమెకీ అదే నొక్కేస్తుంటారు.

సరే, ఫొటో పోయింది. కానీ దాని నీడ ఒకటి మిగిలింది. దిగని ఫొటో స్థానంలో మసకగా చిన్న బొమ్మ కనిపిస్తుంది కదా, అందులో పేజీ చుట్టూ గీత, కుడిచేతి వైపు పైన పాస్‌పోర్టు ఫొటో, మధ్యలో చదువు వివరాల పట్టిక ఉన్నట్టు తెలుస్తోంది. సలహాలు చెప్పే అలవాటున్నవాడికి అంతకంటే ఏం కావాలి? ఆ గీత తీసెయ్, ఫొటో తీసెయ్, ఆబ్జెక్టివ్ మార్చు, ఒక్క పేజీకి కుదించు అని అక్కడికక్కడే నాలుగు ముక్కలు రాసేయవచ్చు. ఆమె కూడా థాంక్యూ సార్ అని సంతోషిస్తుంది.

నేను ఆ పని ఒకసారి చేసి చెడ్డపేరు తెచ్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి ఫోన్ చేసి, రెజ్యూమె మూడు పేజీలు వచ్చింది సార్, ఏం చేయమంటారని అడిగాడు. చూడకుండానే, రెండో పేజీ చివరికి వచ్చేలా కుదించు, ప్రాజెక్టు వివరాలు తగ్గించు అన్నాను. అతను బుద్ధిగా తగ్గించాడు. వాళ్లు అడిగింది గోడౌన్ స్టాకు లెక్కలు తెలిసిన మనిషిని. అతని డిగ్రీ ప్రాజెక్టు సరిగ్గా ఆ పని మీదే. తీసేయించింది నేనే. ఆ విషయం నాకు తర్వాత తెలిసింది, అతనికి ముందే తెలుసు, కానీ సార్ చెప్పారు కదా అని ఊరుకున్నాడు.

అందుకని ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న సలహాకు సంబంధించింది కాదు. అసలు ఆ కాగితం ఏమిటి అన్నదే. మన వైపు బయోడేటా, రెజ్యూమె, అప్లికేషన్ అన్న మూడు మాటల్నీ ఒకదానికి బదులు ఇంకొకటి వాడేస్తాం. కానీ రెజ్యూమె మన సొంత కాగితం, అందులో ఏది ముందు రావాలో ఏది వద్దో మన ఇష్టం. అప్లికేషన్ ఫారం వాళ్ల కాగితం. గడులు వాళ్లవి, వరస వాళ్లది, మనం చేయగలిగింది గడిలో సరిగ్గా నింపడమే. రెజ్యూమెకి చెప్పిన సలహా ఫారానికి చెబితే చెల్లదు. ఈ అమ్మాయిది రెజ్యూమేనని తేలింది.

అప్పుడు ఆమెకు ఇలా రాశాను: "అమ్మా, ఫొటో నాకు తెరుచుకోలేదు. అందులో ఏముందో నేను చూడలేదు కాబట్టి ఏం మార్చాలో ఇప్పుడే చెప్పలేను. ఒక్కో భాగం ఒక్కో మెసేజ్‌గా టైపు చేసి పంపు. ముందు ఉద్యోగ ప్రకటన. తర్వాత నువ్వు చేసిన పని. తర్వాత చదువు. చివర మిగతావి. కాగితం మీద ఉన్నది ఉన్నట్టే రాయి, దిద్దకు. గుర్తులేని చోట గుర్తులేదని రాయి. ఫోన్ నంబరు, పుట్టినతేదీ, ఆధార్, నాన్నగారి పేరు నాకు అక్కర్లేదు."

ఇందులో ప్రతి మాటకీ కారణం ఉంది. దిద్దకు అన్నది ముఖ్యం. టైపు చేసేటప్పుడు మనిషి చేయి ఊరుకోదు, కాగితం మీద లేని మంచి మాటలు కలుపుతుంది. అప్పుడు నేను చూసేది వేరే కాగితం అవుతుంది. పైగా పాతది ఇప్పటికే ఒక ఆఫీసులో ఉంది. రేపు కొత్తదాంట్లో తేదీలు వేరుగా ఉండి, రెండూ ఒకే చోటికి చేరితే ఏది నిజమని అడుగుతారు. గుర్తులేదని రాయమన్నదీ అందుకే. గుర్తులేని చోట మనసు ఏదో ఒక అంకె పెట్టేస్తుంది.

భాగాల వరస కూడా ఊరికే పెట్టలేదు. రెజ్యూమె పైనుంచి కిందికి టైపు చేయమంటే ముందు పేరు, చిరునామా, ఆబ్జెక్టివ్ వస్తాయి. అవి టైపు చేసేసరికి ఓపిక అయిపోతుంది, అసలు చూడాల్సిన అనుభవం దగ్గరికి వచ్చేసరికి రెండు ముక్కలతో సరిపెడతారు. ప్రకటన ముందుంటే మిగతాదంతా దేనితో పోల్చి చూడాలో నాకు తెలుస్తుంది.

ప్రకటన మొదటి మెసేజ్‌లో వచ్చింది. భీమవరంలో రొయ్యల మేత అమ్మే డీలరు దగ్గర అకౌంట్స్ అసిస్టెంట్. టాలీ రావాలి, జీఎస్టీ తెలియాలి, పార్టీ లెడ్జర్లు చూడాలి, బకాయిల ఫాలోఅప్ చేయాలి. ఆ చివరి ముక్క దగ్గర నేను ఆగాను. రొయ్యల మేత వ్యాపారం చాలావరకు అప్పు మీదే నడుస్తుంది. రైతు పట్టుబడి అయ్యాక కట్టే డబ్బు కోసం డీలరు నెలల తరబడి ఎదురుచూస్తాడు. ఎవరు ఎంత బాకీ, ఎన్నాళ్లనుంచి అన్న లెక్క తప్పితే ఆ దుకాణం మునుగుతుంది. అంటే వాళ్లకు కావాల్సిన మనిషి బిల్లులు కొట్టే మనిషి కంటే బాకీల లెక్క పట్టుకునే మనిషి.

రెండో మెసేజ్ అనుభవం. ఆమె రాసింది ఇంగ్లీషులో, నేను తెలుగులో చెబుతున్నాను: "మందుల హోల్‌సేల్ దుకాణంలో రెండేళ్ల అనుభవం. అకౌంట్స్ పనులు, జీఎస్టీ పనులు, ఇతర ఆఫీసు పనులు చూసేదాన్ని." మొత్తం ఇంతే. ఫొటోలో చూసి ఉంటే ఈ రెండు లైన్లూ పట్టిక కింద, చక్కని అక్షరాల్లో, నిండుగానే కనిపించేవి. టైపు చేసి ఒంటరిగా మెసేజ్‌లోకి వచ్చేసరికి వాటి బోలుతనం బయటపడింది. ఇది నేను చాలాసార్లు గమనించాను. గీతలూ గడులూ బొద్దు అక్షరాలూ కాగితాన్ని నింపుతాయి. అవి తీసేస్తే మిగిలేది మాటలే.

మూడో మెసేజ్ పంపుతూ ఆమే నవ్వు బొమ్మ ఒకటి పెట్టింది. ఆబ్జెక్టివ్ టైపు చేస్తుంటే అందులో "ఫ్రెషర్‌గా నా నైపుణ్యాలను" అని ఉందట. రెండేళ్లు పనిచేసిన మనిషి ఫ్రెషర్ ఎలా అవుతుంది? నెట్ సెంటర్ కుర్రాడు ఎవరిదో పాత ఫైలు తెరిచి, పేరూ చదువూ మార్చి ఇచ్చాడు. ఆ ఆబ్జెక్టివ్ ఆ పాత ఫైలుది. కాగితం చేతిలో ఉన్నన్నాళ్లూ ఆమె దాన్ని చదవలేదు. ఒక్కో మాట వేలితో కొట్టాల్సి వచ్చినప్పుడు చదివింది. దాన్ని తీసెయ్యమని నేను చెప్పనక్కర్లేకపోయింది.

ఇక అనుభవం మీద ప్రశ్నలు వేశాను. రెండేళ్లంటే ఎప్పటినుంచి ఎప్పటిదాకా? 2022 జూన్ మొదటి నుంచి 2024 ఆగస్టు చివరి దాకా అంది. లెక్కేస్తే 27 నెలలు, రెండేళ్ల మూడు నెలలు. నెలలతో సహా రాస్తే ఆ మూడు నెలలు ఆమెకే దక్కుతాయి, మాట కూడా నికరంగా ఉంటుంది.

రోజూ ఏం చేసేదానివి? 60 నుంచి 70 బిల్లులు టాలీ ప్రైమ్‌లో ఎక్కించేదాన్ని. జీఎస్టీ నువ్వే ఫైల్ చేసేదానివా? కాదు సార్, ఆడిటర్ గారి ఆఫీసులో చేసేవాళ్లు. నేను వివరాలు తీసి ఇచ్చేదాన్ని.

ఈ జవాబు దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. జీఎస్టీ పనులు అని రాస్తే చదివేవాడు రిటర్నులు వేయడం వచ్చనుకుంటాడు. ఇంటర్వ్యూలో పోర్టల్ గురించి ఒక్క ప్రశ్న వేస్తే చాలు, తేలిపోతుంది. అలాగని ఆమె చేసింది చిన్న పనీ కాదు. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారి అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1ని తర్వాతి నెల 11వ తేదీలోగా వేయాలి. మనకు సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా, 2బీ అంటారు, 14న తయారవుతుంది. దాన్ని మన కొనుగోళ్లతో సరిచూసుకుని, పన్ను కట్టే 3బీ రిటర్ను 20వ తేదీలోగా వేయాలి. ఆ సరిచూడటం ఈ అమ్మాయే చేసేది. మనం కొన్న బిల్లు ఏదైనా 2బీలో లేకపోతే ఆ కంపెనీకి ఫోన్ చేసి అడిగేది. ఫైల్ చేశాను అని రాస్తే అబద్ధం, జీఎస్టీ పనులు అంటే అస్పష్టం. సరిచూసి ఆడిటర్‌కి ఇచ్చాను అని రాస్తే నిజం, పైగా బలం.

తర్వాత అసలు ప్రశ్న అడిగాను. బాకీల సంగతి ఎవరు చూసేవాళ్లు?

"అదా సార్, అది పెద్ద పని కాదు కదా అని రాయలేదు. ప్రతి శనివారం ఎవరు ఎంత ఇవ్వాలో లిస్టు తీసి ఓనరు గారికి ఇచ్చేదాన్ని. నెల దాటినవాళ్లకు నేనే ఫోన్ చేసేదాన్ని."

భీమవరం వాళ్లు వెతుకుతున్న ముక్క ఇదే. ఆమె కాగితం మీద లేనిదీ ఇదే. ఆ ఫొటో నాకు చక్కగా తెరుచుకుని ఉన్నా ఇది నాకు కనిపించేది కాదు. ఉన్న రెండు లైన్లకు ఇంగ్లీషు దిద్ది పంపేవాణ్ణి.

ఎంతమంది ఉండేవాళ్లు ఆ లిస్టులో అంటే, రెండొందల మంది ఉంటారు సార్ అంది. అంకె గుండ్రంగా ఉంటే నాకు అనుమానం. లిస్టు ప్రింటు ఎన్ని పేజీలు వచ్చేదని అడిగాను. మూడు పేజీలు. పేజీకి ఎన్ని పేర్లు? నలభై అయిదు దాకా. అంటే 135. సుమారు 130 అని రాయమన్నాను. రెజ్యూమెలో పెట్టే ఏ అంకె గురించైనా, అది ఎలా వచ్చిందని అడిగితే చెప్పగలిగేలా ఉండాలి. మూడు పేజీల లిస్టు అన్న జవాబు ఎవరూ కాదనలేరు.

చివరికి అనుభవం ఇలా తయారైంది. దుకాణం పేరు, ఊరు, 2022 జూన్ నుంచి 2024 ఆగస్టు అన్న తేదీలు పైన. కింద మూడే లైన్లు. మొదటిది: సుమారు 130 అప్పు ఖాతాల లెడ్జర్లు చూశాను, ప్రతి శనివారం బకాయిల జాబితా తయారుచేసి, 30 రోజులు దాటినవారికి ఫోన్లో గుర్తుచేశాను. రెండోది: నెలనెలా కొనుగోలు బిల్లులను 2బీతో సరిచూసి, అమ్మకాల వివరాలతో పాటు ఆడిటర్ ఆఫీసుకు ఇచ్చాను. మూడోది: రోజుకు 60 నుంచి 70 బిల్లులు టాలీ ప్రైమ్‌లో ఎక్కించాను. ఆమె చెప్పిన వరసకు ఇది తలకిందులు. ఆమె రోజంతా చేసిన పని చివరికి పోయింది, వారానికి ఒక పూట చేసిన పని పైకి వచ్చింది. ఇదే ఉద్యోగం ఏ సూపర్ మార్కెట్‌లోనో అయితే బిల్లుల లైనే ముందుండేది.

చదువు భాగంలో ఒక్కటే చిక్కు. పదో తరగతి ఎదురుగా 92 శాతం అని ఉంది. ఆమె 2016లో పరీక్ష రాసింది, అప్పటి మెమోల మీద గ్రేడ్లూ జీపీఏలే ఉండేవి. మెమో చూసి చెప్పమన్నాను. 9.2 జీపీఏ. ఎవరో పదితో గుణించి శాతం చేశారు. రెజ్యూమెలోనూ 9.2 జీపీఏ అనే ఉండాలి, ఎందుకంటే సర్టిఫికెట్లు సరిచూసే రోజున రెండు కాగితాలూ పక్కపక్కన పెడతారు. డిగ్రీ 2021లో అయింది, ఉద్యోగం 2022 జూన్‌లో మొదలైంది. మధ్యలో దాదాపు ఏడాది ఖాళీ. నాలుగు నెలలు టాలీ కోర్సు చేశానంది. దాన్ని నైపుణ్యాల్లో మూలకు పెట్టకుండా చదువు కిందే తేదీలతో పెట్టించాను. మిగతా నెలల గురించి కాగితం మీద ఏమీ రాయనక్కర్లేదు, అడిగితే ఉన్నమాట చెబితే సరి.

టైపు చేయించుకోవడంలో లోపాలూ ఉన్నాయి. పేజీ ఎలా కనిపిస్తుందో మెసేజ్‌లో తెలియదు. అంచులు ఎంత వదిలారు, అక్షరాలు మరీ చిన్నవా, రెండో పేజీలోకి ఒక్క లైను జారిందా అన్నవి కొత్త ఫైలు తయారయ్యాకే చూడాలి. అందుకే వాటి గురించి నేను అప్పటిదాకా మాట్లాడను. నోటితో చెప్పి టైపు చేయించేవాళ్లతో ఇంకో తంటా. ఫోను టాలీని ర్యాలీ చేస్తుంది, బీకాంని విడగొడుతుంది. పంపేముందు ఒకసారి చదువుకోమని చెప్పాలి. ఫొటో ఉన్నవాళ్లు, టైపు ఎందుకు సార్, ఫొటో నుంచి అక్షరాలు తీసే సౌకర్యం ఫోన్లోనే ఉంది కదా అంటారు. ఉంది, ఫొటో తిన్నగా తీసి ఉంటే బాగానే పనిచేస్తుంది. కానీ కాగితం రెండు నిలువు వరసల్లో ఉంటే ఎడమ లైనునీ కుడి లైనునీ కలిపి చదివేస్తుంది. సున్నానీ ఇంగ్లీషు 'ఓ' అక్షరాన్నీ ఒకటే అనుకుంటుంది. అంకెలన్నీ మళ్లీ కాగితంతో సరిచూసుకోక తప్పదు.

ఫారం అయితే అడిగే పద్ధతి వేరు. పది రోజుల తర్వాత ఈ అమ్మాయే ఇంకో ఉద్యోగానికి అచ్చు ఫారం తెచ్చుకుంది. ఈసారి ఫొటో వద్దన్నాను. ముందు ఖాళీ ఫారాన్ని జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్ మీద పెన్సిల్‌తో నింపమన్నాను. ఇబ్బందిగా ఉన్న గడుల పేర్లు మాత్రం, అచ్చులో ఎలా ఉన్నాయో అలా, నంబరుతో సహా టైపు చేసి పంపమన్నాను. మొదటి గడి దగ్గరే ఆగిపోయింది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పదో తరగతి మెమోలో కూడా అలాగే ఉంది. ఫస్ట్ అంటే మొదటిది కదా అని ఇంటిపేరు అందులో రాసేవాళ్లు ఎంతోమంది. ఫస్ట్ నేమ్ అంటే పిలుపు పేరు, లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు. పేరు మొత్తం ఒకే గడిలో రాయమంటే మాత్రం మెమోలో ఉన్న వరస, ఉన్న అక్షరాలే. ఇంటిపేరుని పొడి అక్షరంగా కుదించకూడదు. ఆ గడి పేరు ఆమె "నేమ్" అని మాత్రమే టైపు చేసి ఉంటే ఈ తేడా నాకు తెలిసేదే కాదు.

రెజ్యూమె సంగతికి వస్తే, నెట్ సెంటర్ కుర్రాడు ఈసారి కూడా పేజీ చుట్టూ గీత వేస్తానన్నాడట. వద్దంది. పీడీఎఫ్ చేయించి నాకు పంపింది, ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా. తెరిచి ఒక మాట మీద వేలు నొక్కి పట్టుకున్నాను. ఆ మాట నీలంగా మారింది. అంటే లోపల ఉన్నవి నిజమైన అక్షరాలు, బొమ్మ కాదు. పెద్ద కంపెనీల్లో దరఖాస్తుల్ని ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, బొమ్మగా ఉన్న పీడీఎఫ్ దానికి ఖాళీ కాగితంలాగే కనిపించవచ్చు. భీమవరం డీలరుకి ఆ బెడద లేదనుకోండి, ఆయన చదివేది ప్రింటు తీసే.

పేజీకి అంచులు బాగున్నాయి. ఒకే ఒక్క లైను రెండో పేజీలోకి జారింది, డిక్లరేషన్ కింద సంతకం గీత. డిక్లరేషన్ మొత్తం తీసెయ్యమన్నాను. సంతకం లేకపోతే ఎలా సార్ అంది. అది ఫారానికి కావాలమ్మా, దీనికి అక్కర్లేదన్నాను. ఫైలు ఆమె ఈమెయిలుకి ఒకటి, వాళ్ల అన్నయ్య ఫోన్‌కి ఒకటి పంపించి పెట్టుకోమన్నాను. పంపానంది. రెండు నిమిషాలాగి ఇంకో మెసేజ్ వచ్చింది.

"సార్, ప్రింటు తీయించాను. ఫొటో తీసి పంపనా?"